సెలవు తేదీలకు సరిపోయే ఆటో రిప్లై రాయడం ఎలా?

సంక్రాంతి వారంలో మా ఆఫీసులో ఎవరికి మెయిల్ పెట్టినా ఒకటే జవాబు: ‘నేను సెలవులో ఉన్నాను, తిరిగి వచ్చాక చూస్తాను.’ ఎప్పుడు వస్తారో ఉండదు, అర్జెంటైతే ఎవరిని అడగాలో ఉండదు. ఇంకొందరిదైతే సెలవు అయిపోయి పక్క సీట్లో కూర్చుని టీ తాగుతున్నా ఆ జవాబు వస్తూనే ఉంటుంది.

ఆన్ చేయడం నిమిషం పని. జీమెయిల్‌లో Settings తెరిచి, See all settings నొక్కి, General పేజీలో కిందికి వెళితే Vacation responder కనిపిస్తుంది. అవుట్‌లుక్‌లో దాని పేరు Automatic replies.

అసలు చిక్కంతా తేదీల దగ్గరే. ముందు లీవ్ పోర్టల్ తెరిచి Approved అని ఉన్న తేదీలు చూడండి. మీరు అప్లై చేసిన తేదీలు కాదు, మేనేజర్ ఇచ్చిన తేదీలు. 2026 సంక్రాంతికి నేను జనవరి 12 సోమవారం నుంచి 16 శుక్రవారం దాకా అడిగాను. సోమవారం రిలీజ్ ఉందని 13 నుంచే ఇచ్చారు. ఆటో రిప్లై మాత్రం అప్లై చేసిన రోజే పెట్టేసి ఉన్నాను. ఇంకేముంది, 12న సీట్లో కూర్చుని పనిచేస్తుంటే అందరికీ నేను లేనని జవాబులు వెళ్లాయి. క్లయింట్ నేరుగా మా మేనేజర్‌కే ఫోన్ చేశాడు. అప్పటినుంచి అప్రూవల్ వచ్చేదాకా ఆ పేజీ జోలికే వెళ్లను.

రెండో పొరపాటు ఆఖరి తేదీలో జరుగుతుంది. సెలవు 16తో అయిపోయినా శని, ఆదివారాలు కలిపితే నేను సీట్లోకి వచ్చేది 19 సోమవారం. జీమెయిల్‌లో Last day దగ్గర 18 పెట్టాలి. పెట్టిన తేదీ రాత్రి 11:59 దాకా అది పనిచేస్తుంది. అవుట్‌లుక్‌లో తేదీతో పాటు టైం కూడా అడుగుతుంది. అక్కడ 18 పెట్టి టైం 12:00 AM అని వదిలేస్తే, శనివారం రాత్రి 12 కాగానే ఆగిపోతుంది. ఆదివారం మెయిల్ పెట్టినవాళ్లకి ఏ జవాబూ వెళ్లదు. అందుకే నేను 19 ఉదయం 9:00 అని పెడతాను. జీమెయిల్‌లో Last day ఖాళీగా వదిలితే మీరు ఆపేదాకా ఆగదు, పక్క సీట్లో టీ తాగేవాళ్ల కథ అదే.

మెసేజ్‌లో మాత్రం సెలవు అయిపోయే తేదీ కాకుండా తిరిగి వచ్చే తేదీ రాయండి. ‘16 వరకు సెలవు’ అంటే శనివారం ఉంటారా అని అడిగేవాళ్లుంటారు. తేదీని 12/01 అని అంకెల్లో రాయకండి, అమెరికా వాళ్లు దాన్ని డిసెంబర్ 1 అని చదువుతారు. నెల పేరు, వారం పేరు రెండూ ఉండాలి.

ఇక బ్యాకప్ మనిషి. పేరు రాసే ముందు ఆ మనిషిని అడగండి, అదే వారం వాళ్లకీ సెలవుందేమో చూడండి. సంక్రాంతికి సగం టీమ్ సొంతూళ్లలోనే ఉంటుంది. ఒకసారి మా టీమ్‌లో ఇద్దరు ఒకరి పేరు ఒకరు పెట్టుకుని ఇద్దరూ వెళ్లిపోయారు. మెయిల్ పెట్టినవాళ్లు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరిగారు. ఏ పనికి అడగాలో కూడా రాయాలి, లేకపోతే మీ పనంతా ఆయన నెత్తిన పడుతుంది. బయటివాళ్లకి వెళ్లే జవాబులో బ్యాకప్ సొంత ఫోన్ నంబర్ పెట్టకండి. అవుట్‌లుక్‌లో ఆఫీసువాళ్లకి ఒక మెసేజ్, బయటివాళ్లకి ఇంకో మెసేజ్ పెట్టుకోవచ్చు.

నేను రాసేది ఇంతే, ఇంగ్లీషులో పెట్టినా వరుస ఇదే:

‘జనవరి 13 మంగళవారం నుంచి సెలవులో ఉన్నాను. జనవరి 19 సోమవారం ఆఫీసుకు వస్తాను. బిల్లింగ్ గురించి అర్జెంటైతే ఫలానా గారికి ఈ అడ్రస్‌కి మెయిల్ పెట్టండి. మిగతావి 19న చూస్తాను.’

‘మెయిల్స్ అప్పుడప్పుడు చూస్తుంటాను’ అనే మాట నేను చచ్చినా రాయను. ఆ ఒక్క మాట పట్టుకుని భోగి మంట దగ్గరున్నా జవాబు కోసం ఎదురుచూస్తారు. ‘కుటుంబంతో ఆనందంగా గడుపుతున్నాను’ కూడా వద్దు, బిల్లు ఆగిపోయినవాడికి అది వినాలని ఉండదు.

సెలవు మొదలైన ఉదయం ఇంకో అకౌంట్ నుంచి మీకు మీరే ఒక మెయిల్ పెట్టుకుని చూడండి. రెండోసారి పెడితే జవాబు రాలేదని టెన్షన్ పడకండి. జీమెయిల్ ఒకే మనిషికి మామూలుగా 4 రోజులకోసారే పంపుతుంది, అవుట్‌లుక్ ఒక్కసారే పంపుతుంది.

తిరిగొచ్చిన రోజు ఆపేయడంతో పాటు లోపలి మెసేజ్ కూడా చెరిపేయండి. లేకపోతే అది అక్కడే ఉండిపోతుంది, ఉగాదికి హడావుడిగా ఆన్ చేస్తే జనవరి తేదీలే వెళతాయి.