తాళం తిప్పే ముందు సీటు చూసుకోండి
బెంగళూరు నుంచి కారులో ఊరికి బయల్దేరేవాళ్ళకి ఒక మాట. మా బావగారు పొడగరి. ఆయన నడిపిన కారుని సీటు సర్దుకోకుండానే తీసి, హెబ్బాళ ఫ్లైఓవర్ మీద క్లచ్ చివరిదాకా అందక చాలా టెన్షన్ పడ్డాను. ఇప్పుడు ముందే వీపు సీటుకి పూర్తిగా ఆనించి, క్లచ్, బ్రేక్ అడుగంటా తొక్కి చూస్తాను. అప్పుడు కూడా మోకాలు కాస్త వంగే ఉండాలి. తర్వాత భుజాలు సీటుకి ఆనించే చేయి చాపితే, మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద ఆనాలి. అలా ఉంటేనే చేతులు గడియారంలో 9, 3 అంకెల దగ్గర పట్టుకున్నప్పుడు మోచేతులు వంగి, మలుపుల్లో సులువుగా తిరుగుతాయి. ఛాతీకీ స్టీరింగ్‌కీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు వదలండి, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడానికి ఆ చోటు కావాలి. సీటుని ముందుకూ వెనక్కీ ఊపి, లాక్ పడిందో లేదో చూడండి. అద్దాలు సరిచేసుకోవడం ఆ తర్వాతే, సీటు జరిపితే అవీ మారిపోతాయి.