“చదువుతున్నట్టుంది” అన్నారా? స్క్రిప్ట్ సరిచేసే పద్ధతి

మట్టి నమూనా తీయడం గురించి రైతుల కోసం చేసే నాలుగు నిమిషాల వీడియో అనుకుందాం. విన్నవాళ్లు “ఎవరో కాగితం చూసి చదువుతున్నట్టుంది” అంటే చాలామంది వెంటనే గొంతు మార్చి మళ్లీ రికార్డు చేస్తారు. లోపం సాధారణంగా గొంతులో ఉండదు, రాసిన స్క్రిప్ట్‌లో ఉంటుంది. పాత రికార్డింగ్ వింటూ, మాట తడబడిన చోట, వాక్యం మధ్యలో ఊపిరి తీసుకున్న చోట కాగితం మీద గీత పెట్టండి.

సమస్య: వాక్యం సగంలోనే ఊపిరి అయిపోతోంది

“పొలము నందు 15 సెం.మీ. లోతు వరకు ‘వి’ ఆకారపు గుంత త్రవ్వి, సదరు గుంత యొక్క అంచు నుండి సేకరించబడిన మట్టిని నమూనాగా ఉపయోగించవలెను.”

కారణం: ఇందులో పనులు మూడున్నాయి, కానీ పూర్తి క్రియ ఒక్కటే, అదీ చిట్టచివర. అప్పటిదాకా వినేవాడు అన్నీ మోస్తూ కూర్చోవాలి. పైగా “సేకరించబడిన” అంటే పని ఎవరిదో తెలియదు.

పరిష్కారం: “త్రవ్వి”ని “తవ్వండి” చేసి, “ఉపయోగించవలెను”ని “ఉపయోగించాలి” చేస్తే సరిపోదు. ముందు కాగితం బోర్లించండి. పక్కనున్న మనిషికి ఆ పని ఎలా చేయాలో నోటితో చెప్పి, ఫోన్‌లో రికార్డు చేసి, ఉన్నదున్నట్టు రాసుకోండి. దాదాపు ఇలా వస్తుంది:

“ముందు పైనున్న గడ్డీ చెత్తా పక్కకి తీసేయండి. పారతో ‘వి’ ఆకారంలో గుంత తీయండి. అర అడుగు లోతు చాలు. ఇప్పుడు గుంత పక్క గోడ నుంచి, పైనుంచి కిందదాకా ఒకే మందంలో మట్టి గీరి తీసుకోండి. గట్టు పక్కన, చెట్టు నీడన, పెంటకుప్ప ఉన్న చోట మాత్రం తీయకండి.”

ఒక్కో వాక్యానికి ఒక్కో పని. చేసే వరుసే చెప్పే వరుస. గడ్డి తీసేయడం, ఎక్కడ తీయకూడదో చెప్పడం పాత వాక్యంలో లేనేలేవు. నోటితో చెప్పేటప్పుడు అవి వాటంతట అవే గుర్తొస్తాయి. అయితే నోటి మాటలో కొలతలు జారిపోతాయి కూడా, కాబట్టి లోతు, ఎన్నిచోట్ల తీయాలి లాంటివి పాత ప్రతితో పోల్చుకోండి.

సమస్య: మాటలు మారాయి, చదువుతున్న వాసన పోలేదు

ఇది తరచుగా కాగితం తంటా. “సెం.మీ.” కనపడగానే కన్ను ఒక్క క్షణం ఆగుతుంది, గొంతులో అది వినిపిస్తుంది. అంకెలు, పొడి అక్షరాలు పలికేలాగే రాయండి. పేజీ అంచు దాకా కాకుండా ఊపిరి ఆగే చోట లైను విరవండి.

సమస్య: ఇప్పుడు అతి చనువుగా ఉంది

ప్రతి వాక్యానికీ “కదా”, “అన్నమాట”, “ఫ్రెండ్స్” తగిలించడం వల్ల. అన్నీ తీసేసి చదవండి, అప్పటికీ వాక్యం కొరత అనిపించిన చోటే ఒకటి వెనక్కి పెట్టండి. అరవై ఏళ్ల రైతు వినే వీడియోలో “ఫ్రెండ్స్” నేనైతే ఒక్కటీ ఉంచను.