ఉప్మా ఉండ కట్టిందా? ముందు ఆ ఉండను చీల్చి చూడండి

ఉప్మా పాడైందని ఎవరు చెప్పినా నేను ముందు అడిగేది ఒకటే. ఒక ఉండను చెంచాతో చీల్చి చూశారా, లోపల ఏముంది? తెల్లగా పొడి రవ్వ కనిపిస్తే ఒక కారణం. లోపలా బయటా ఒకేలా జిగురుగా ఉంటే పూర్తిగా వేరే కారణం. మొదటిదానికి నీళ్ళు అందలేదు, రెండోదానికి ఎక్కువయ్యాయి. ఇది చూసుకోకుండా రెండిటికీ ఇంకాసిని నీళ్ళు పోసి కలిపేయడం వల్లే, బాగు చేసుకోగలిగిన ఉప్మా కూడా చేయి దాటిపోతుంది.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా బొంబాయి రవ్వ ఉప్మా గురించి. గోధుమ రవ్వ, బియ్యపు రవ్వ గింజ పెద్దవి కాబట్టి ఉండలు కట్టే బాధ వాటితో తక్కువ. అటుకుల సంగతి చివర్లో చెప్తాను, దాని లెక్క వేరు.

ఉండలు కట్టాయి, చీలిస్తే లోపల పొడి రవ్వ ఉంది

రవ్వ గింజ మరిగే నీళ్ళకు తగలగానే ఉబ్బి, పైన జిగురు పట్టేస్తుంది. గింజలు విడివిడిగా నీళ్ళలో పడితే ఒక్కొక్కటీ విడిగా ఉబ్బుతుంది. గుప్పెడు ఒకేచోట పడితే మాత్రం బయట ఉన్న గింజలు ముందు ఉబ్బి, ఒకదానికొకటి అతుక్కుని ఒక పొరలా మూసుకుపోతాయి. ఇక లోపలికి నీళ్ళు వెళ్ళవు. ఆ తర్వాత ఎంతసేపు ఉడికించినా లోపలి రవ్వ పచ్చిగానే ఉంటుంది. అంటే రవ్వ నీళ్ళను తాకే ఆ కొద్ది సెకన్లలోనే ఉండ కట్టడమో, కట్టకపోవడమో తేలిపోతుంది.

మా చెల్లెలి కూతురు ఉద్యోగానికి వేరే ఊరు వెళ్ళి, గదిలో సొంతంగా వండుకోవడం మొదలుపెట్టింది. "పెద్దమ్మా, మళ్ళీ ఉండలు కట్టింది" అని వరసగా రెండు ఆదివారాలు ఫోన్ చేసింది. మూడోసారి వీడియో కాల్‌లో పెట్టుకుని వండమన్నాను. పురుగు పడుతుందని రవ్వ డబ్బా ఫ్రిజ్‌లో పెట్టుకుంటోంది, అది మంచి అలవాటే. కానీ చల్లటి రవ్వను డబ్బాలోంచి నేరుగా మరిగే నీళ్ళలో పోస్తోంది. ఫ్రిజ్‌లోంచి తీసిన రవ్వకు గాలిలో తేమ పట్టి, నీళ్ళు తగలకముందే చిన్న చిన్న గడ్డలుగా ఉంటుంది.

ముందు వేయించమన్నాను. ఒక గ్లాసు రవ్వకు ఒక చెంచా నూనె, సిమ్‌లో ఏడెనిమిది నిమిషాలు. రంగు మారే దాకా అక్కర్లేదు. మొదట గరిటెకు బరువుగా తగిలే రవ్వ, వేగాక ఇసుకలా జారిపోతుంది, కమ్మటి వాసన వస్తుంది. అక్కడ ఆపేయాలి. వేయిస్తే తేమ పోతుంది, గోధుమలో ఉండే సాగే గుణం తగ్గుతుంది. నూనె గింజ చుట్టూ పట్టి పక్క గింజకు అతుక్కోనివ్వదు. అందుకే పొడిగా వేయించడం కన్నా నూనెతోనో నెయ్యితోనో వేయించడం మేలని నా అభిప్రాయం.

ఆ రోజు ఉండలు బాగా తగ్గాయి కానీ నాలుగైదు మిగిలాయి. మరుసటి వారం మళ్ళీ చూస్తే అసలు విషయం కనిపించింది. రవ్వ ఉన్న పళ్ళెం సరిగ్గా బాండీ మీద పట్టుకుంటోంది. కింద నుంచి వచ్చే ఆవిరికి పళ్ళెం అంచు తడిసి, అక్కడి రవ్వ గడ్డ కట్టి, చివర్లో ఒక్కసారిగా జారిపడుతోంది. పైగా మంట పెద్దగా ఉంది. నీళ్ళు చిందుతాయన్న భయంతో తొందరగా పోసేస్తోంది.

అప్పుడు చెప్పినవి రెండే. నీళ్ళు సలసల మరిగాక, రవ్వ పోసే ముందు మంట సిమ్‌కి తగ్గించు. పళ్ళేన్ని పక్కనే ఉంచి, ఎడమ చేత్తో కొద్దికొద్దిగా రవ్వ తీసి చల్లుతూ, కుడి చేత్తో గరిటె తిప్పడం ఆపకు. మొత్తం రవ్వ పడడానికి ఒక నిమిషం పట్టినా ఫర్వాలేదు. ఆ రోజు ఒక్క ఉండ కూడా లేదు.

రెండు చేతులా పని చేయడం కుదరకపోతే ఇంకో పద్ధతి ఉంది. వేయించిన రవ్వను పోపు ఉన్న బాండీలోనే పరిచి ఉంచి, పక్కన కాచిన ఉప్పు నీళ్ళను దాని మీద పోసి కలపడం. రవ్వ అప్పటికే వేడిగా, పల్చగా పరుచుకుని ఉంటుంది కాబట్టి ఉండలు తక్కువ. కానీ నీళ్ళు పడగానే ఆవిరి గుప్పున పైకి లేస్తుంది, కాబట్టి మొహం, చేయి దూరంగా ఉంచి మంట ఆపేసి పోయండి. పిల్లలు పక్కన ఉంటే ఈ పద్ధతి వద్దు.

ఇప్పటికే ఉండలు కట్టి ఉంటే మంట ఆపేసి, పప్పుగుత్తితోనో గరిటె వెనక వైపుతోనో ఉండలను బాండీ గోడకు నొక్కి చిదపండి. లోపలి పొడి రవ్వ బయటపడ్డాక రెండు మూడు చెంచాల మరిగే నీళ్ళు చల్లి, మూత పెట్టి సిమ్‌లో మూడు నిమిషాలు ఉంచితే ఉడుకుతుంది. ఉండలు చిదపకుండా నీళ్ళు పోస్తే అవి అలాగే ఉండి, చుట్టూ ఉన్న మంచి ఉప్మా జావ అవుతుంది.

ఉండలు లేవు, కానీ అంతా ముద్దగా, గరిటెకు అతుక్కుంటోంది

ఇక్కడ చాలామంది నీళ్ళ కొలత ఒక్కటే చూస్తారు. పొడిపొడిగా రావాలంటే గ్లాసు రవ్వకు రెండున్నర గ్లాసుల నీళ్ళు, మెత్తగా కావాలంటే మూడు. అంతకు మించితే ముద్దే. రెండు టమాటాలు వేస్తే వాటి నీరు కూడా లెక్కే, కాబట్టి పావు గ్లాసు తగ్గించుకోవాలి. రవ్వను ఏ గ్లాసుతో కొలిచామో నీళ్ళూ అదే గ్లాసుతో కొలవాలి. టీ కప్పుతో రవ్వ, మంచినీళ్ళ గ్లాసుతో నీళ్ళు కొలిచినవాళ్ళను నేను చూశాను.

కొలత సరిగ్గానే ఉండి కూడా ముద్దయితే, ఎక్కువగా కలిపి ఉంటారు. రవ్వ నీళ్ళన్నీ పీల్చుకుని దగ్గరపడడానికి ఒక నిమిషం చాలు. ఆ తర్వాత గింజలు ఉబ్బి మెత్తగా ఉంటాయి. వాటిని ఇంకా గరిటెతో తిప్పుతుంటే నలిగి, లోపలి పిండి బయటికొచ్చి బంకలా పడుతుంది. అందుకని దగ్గరపడగానే కలపడం ఆపేసి, మూత పెట్టి, సిమ్‌లో మూడు నాలుగు నిమిషాలు మగ్గనివ్వండి. మంట ఆపాక ఇంకో ఐదు నిమిషాలు మూత తీయకండి. ఆ తర్వాతే ఒక చెంచా నెయ్యి వేసి, గరిటె అంచుతో కింద నుంచి పైకి తేలిగ్గా విడదీయండి. ఈ ఐదు నిమిషాలు ఆగలేకే సగం ఉప్మాలు ముద్దవుతాయి.

ఒకవేళ ఇవన్నీ సరిగ్గా చేసినా ఫలితం లేకపోతే రవ్వనే చూడాలి. చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య రుద్దండి. గింజ గింజగా తగలాలి. పిండిలా జారిపోతే అది బాగా సన్న రవ్వ, తీపి వంటలకు పనికొచ్చేది. దానితో ఎంత జాగ్రత్తపడ్డా ఉప్మా విడివిడిగా రాదు. విదేశాల్లో ఉన్నవాళ్ళకు ఇది తరచూ ఎదురవుతుంది. అక్కడి షాపుల్లో ఒకే పేరుతో సన్నదీ ముతకదీ రెండూ దొరుకుతాయి, కాబట్టి గింజ చూసి ముతకది తీసుకోండి.

ముద్దయిన ఉప్మాను కొంత వరకు వెనక్కి తేవచ్చు. రెండు చెంచాల రవ్వను విడిగా వేయించి, ముద్ద మీద పల్చగా చల్లి, రెండు మూడు సార్లు మాత్రమే కలిపి మూత పెట్టండి. అది మిగులు నీటిని పీల్చుకుంటుంది. తర్వాత వెడల్పు పళ్ళెంలో పరిచి ఆవిరి పోనివ్వండి. బంకలా సాగుతుంటే మాత్రం ఉప్మాగా కుదరదు. చల్లార్చి, చిన్న బిళ్ళలుగా ఒత్తి, పెనం మీద నూనెతో రెండు వైపులా ఎర్రగా కాల్చుకోండి.

వేడిగా బాగానే ఉంది, బాక్సు తెరిచేసరికి అట్ట కట్టింది

ఇది వంటలో తప్పు కాదు. ఉడికిన పిండిపదార్థం చల్లారేకొద్దీ గట్టిపడుతుంది, అన్నం కూడా అంతే. బాక్సులో పెట్టే రోజు మూడు గ్లాసుల నీళ్ళు పోసి, నెయ్యి ఒక చెంచా ఎక్కువ వేయండి. కాస్త ఆవిరి పోయాకే మూత పెట్టండి. మళ్ళీ వేడి చేసేటప్పుడు చేత్తో పొడి చేసి, గోరువెచ్చటి నీళ్ళు చిలకరించి, మూతతో సిమ్‌లో ఉంచితే మెత్తబడుతుంది.

అటుకుల ఉప్మా ముద్దయింది, లేదా నమిలితే గట్టిగా ఉంది

రవ్వ పచ్చిది, దాన్ని ఉడికించాలి. అటుకులు అలా కాదు. వడ్లను నానబెట్టి, వేడి మీద వేయించి, అణిచి చేసినవి కాబట్టి అవి ముందే ఉడికినవి. వాటికి కావలసింది తడి మాత్రమే. గిన్నెలో నీళ్ళు పోసి నానబెట్టడమే అటుకులు ముద్ద కావడానికి అసలు కారణం. ఎంత పీల్చుకోగలవో అంతా పీల్చుకుని, కలపగానే విరిగిపోతాయి.

మందంగా ఉన్న అటుకులనే తీసుకోండి. మిక్స్చర్‌కు వాడే పల్చటివి ఉప్మాకు నిలబడవు. చిల్లుల గిన్నెలో వేసి, కుళాయి కింద చేత్తో తిప్పుతూ రెండు మూడు సార్లు కడిగి, నీళ్ళు వార్చి, పది నిమిషాలు అలా వదిలేయండి. పైన అంటుకున్న తడి ఆ సమయంలో లోపలికి దిగుతుంది. ఒక అటుకును బొటనవేలితో నొక్కితే మెత్తగా నలగాలి, కానీ ముట్టుకోగానే పిండి కాకూడదు. మధ్యలో గట్టిగా తగిలితే చేత్తో కాసిని నీళ్ళు చిలకరించి ఇంకో ఐదు నిమిషాలు ఆగండి.

ఉప్పు, పసుపు ఈ గిన్నెలోనే వేసి వేళ్ళతో కలిపేస్తే బాండీలో గరిటె తిప్పే పని తగ్గుతుంది. పోపులో వేశాక రెండు మూడు నిమిషాలు వేడెక్కితే చాలు. నిమ్మరసం మంట ఆపాకే పిండండి.

కడిగినప్పుడే తడి ఎక్కువైందనిపిస్తే పొడి బట్ట మీద పది నిమిషాలు ఆరబెట్టండి. బాండీలో వేశాక తెలిస్తే, గుప్పెడు పల్చటి అటుకులను తడపకుండా అలాగే పైన చల్లి మూత పెట్టండి, అవి ఆ తడిని లాగేసి తాము మెత్తబడతాయి. వడ్డించాక గట్టిగా ఉన్నాయని తెలిస్తే మళ్ళీ బాండీలోకి తీసి, నాలుగు చెంచాల వేడి నీళ్ళు చిలకరించి, మూత పెట్టి సిమ్‌లో రెండు నిమిషాలు ఉంచండి.