ఆఫీసులో మనిషి మారుతున్నప్పుడు క్లయింట్లకు మెయిల్ ఎలా రాయాలి?

కర్నూలులో మాది చిన్న ట్యాక్స్ ఆఫీసు. కొన్నేళ్ల కిందట మా దగ్గర జీఎస్టీ రిటర్నులు చూసే అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. పేరు మార్చి సురేష్ అంటాను. క్లయింట్లకు నెమ్మదిగా చెబుదాంలే అని నేను ఊరుకున్నా. వారం తిరక్కుండానే ఆదోని నుంచి ఒక జిన్నింగ్ మిల్లు ఓనరు ఫోన్ చేశాడు. "ఏమన్నా, సురేష్ మానేసినాడంట? మాకు ఒక్క మాటైనా చెప్పలేదే! మా బిల్లులన్నీ ఆయప్ప ఫోన్లోనే ఉండాయి కదా."

ఆయన అడిగిందల్లా రెండే సంగతులు: నా పని ఎక్కడిదాకా వచ్చింది, ఇకమీదట బిల్లులు ఎవరికి పంపాల? ఆ రెండూ చెప్పని మెయిల్ ఎంత మర్యాదగా ఉన్నా ఫోన్లు ఆగవు.

రాయకముందు చేసే పని

వెళ్లే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో క్లయింటు ఫైలు తీయించండి. ఏ రిటర్ను వేశారు, ఏ బిల్లులు రావాలి, ఏ నోటీసుకు జవాబు బాకీ ఉంది అన్నవి ఫైలు చూస్తే తెలుస్తాయి. అతని బుర్రలో మాత్రమే ఉన్నవి అడిగి రాబట్టాలి.

ఆ ఆదోని మిల్లునే చూడండి. పత్తి నేరుగా రైతు దగ్గర కొంటే దాని మీద పన్ను రివర్స్ చార్జి కింద మిల్లు వాళ్లే కట్టాలి. రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి దగ్గర కొంటే ఆ వ్యాపారే బిల్లులో పన్ను వేస్తాడు. మిల్లు నుంచి వచ్చేవన్నీ ఫోన్లో తీసిన బిల్లుల ఫొటోలే. ఏవి రైతులవో, ఏవి వ్యాపారులవో సురేష్ చేతిరాత చూసి చెప్పేవాడు. కొత్తగా వచ్చిన వాళ్లకు అది తెలిసే దారి లేదు. రెండూ కలిసిపోతే ఆ నెల కట్టాల్సిన పన్ను తగ్గిపోతుంది, తర్వాత వడ్డీతో కట్టాలి. ఇలాంటివి క్లయింటుకు ఒక్కటి ఉన్నా కాగితం మీదకు రావాలి.

ఇంకొకటి, జీఎస్టీ పోర్టల్లో క్లయింటు పేరు మీద ఎవరి మొబైల్ నంబరు ఉందో చూడండి. మా వైపు చాలామంది దుకాణదారులు "నువ్వే పెట్టుకో నాయనా" అని అకౌంటెంటు నంబరే ఇప్పిస్తారు. అతను వెళ్లాక కూడా ఓటీపీలు అతనికే పోతుంటాయి. లాగిన్ అయ్యాక Services > Registration > Amendment of Registration Non-Core Fields లోకి వెళ్లి నంబరు, మెయిల్ మార్చవచ్చు. క్లయింటు సొంత నంబరే పెట్టించండి. అతను సీట్లో ఉండగానే ఈ పని అయిపోవాలి, తర్వాత ఓటీపీ కోసం బతిమాలుకోవడం నామోషీ.

ఎప్పుడు పంపాలి?

నెలనెలా రిటర్నులు వేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ, జీఎస్టీఆర్-3బి గడువు 20. కాబట్టి 21 నుంచి నెలాఖరు దాకా కాస్త ఊపిరి ఆడుతుంది. మెయిల్ 21నో 22నో పంపి, 31 దాకా ఇద్దరినీ ఆఫీసులో ఉంచుకోగలిగితే పది రోజులు చేతిలో ఉంటాయి. పెద్ద క్లయింట్లకు మాత్రం ఆ రోజు పొద్దునే మీరే ఫోన్ చేసి చెప్పండి. మెయిల్ తర్వాత చేరాలి.

మనిషి రాత్రికి రాత్రే మానేస్తే ఈ లెక్కలేవీ పనికిరావు. అప్పుడు ఆ రోజే రాయాలి. కొత్త మనిషి దొరికేదాకా పని చూసేది మీరేనని మీ పేరే పెట్టండి. "త్వరలో తెలియజేస్తాం" అని రాస్తే టెన్షన్ పెంచినట్టే.

మెయిల్ ఇలా ఉండాలి

కొత్తగా బాధ్యత తీసుకునే ఆమె పేరు లక్ష్మి అనుకుందాం.

> విషయం: మీ జీఎస్టీ పని 1వ తేదీ నుంచి లక్ష్మి చూస్తారు
>
> రెడ్డి గారికి నమస్కారం.
>
> మీ రిటర్నులు చూస్తున్న సురేష్ ఈ నెల 31న మా ఆఫీసులో పని మానేస్తున్నారు. 1వ తేదీ నుంచి మీ పని లక్ష్మి చూస్తారు. మూడేళ్లుగా మా దగ్గరే పత్తి వ్యాపారుల లెక్కలు చూస్తున్నారు, రివర్స్ చార్జి లెక్క ఆమెకు తెలుసు.
>
> ఈ రోజుకు మీ పని: పోయిన నెల జీఎస్టీఆర్-3బి 20న వేశాం. ఈ నెల 12 తర్వాత రైతుల దగ్గర కొన్న పత్తి బిల్లులు మాకు ఇంకా రాలేదు. వాటిని 5వ తేదీలోగా లక్ష్మికి పంపండి. ఈ నెల జీఎస్టీఆర్-1 11లోగా, ఈ బిల్లులు ఎక్కే జీఎస్టీఆర్-3బి 20లోగా ఆమే వేస్తారు.
>
> 31 దాకా ఇద్దరూ ఆఫీసులోనే ఉంటారు. లక్ష్మి రేపు మీకు ఫోన్ చేస్తారు. బిల్లులు ఆఫీసు వాట్సాప్ నంబరుకే పంపండి, సురేష్ సొంత నంబరుకు వద్దు. మా ఫీజు, బ్యాంకు ఖాతా మారలేదు. మారిందని ఎవరైనా చెబితే డబ్బు వేయకముందు నాకు ఫోన్ చేయండి.

కింద మీ పేరు, మీ ఫోన్ నంబరు. వెళ్లే మనిషి చేత సంతకం పెట్టించకండి. పని ఆగదని మాట ఇవ్వాల్సింది ఓనరే.

బ్యాంకు ఖాతా వాక్యం అనవసరం అనిపించవచ్చు. కానీ మనిషి మారాడని తెలిస్తే, ఆ సందులో దూరి "మా కొత్త ఖాతా ఇది" అని మెయిల్ పెట్టే మోసగాళ్లు ఉంటారు.

కొత్త మనిషి గురించి డిగ్రీల జాబితా వద్దు. ఆ క్లయింటు పనికి పనికొచ్చే ఒక్క సంగతి చెప్పండి. లేకపోతే లేదని ఒప్పుకుని, "మొదటి రెండు నెలలు ప్రతి రిటర్నూ నేను చూశాకే వేస్తాం" అని రాయండి. రాస్తే మాత్రం చూడాలి సుమా.

ఎందుకు మానేస్తున్నాడో రాయొద్దు. మీకూ అతనికీ గొడవైనా సరే, ఆ ముక్క మెయిల్లో కనపడకూడదు. "వ్యక్తిగత కారణాలు" అన్నా కూడా జనం ఇంకేదో ఊహించుకుంటారు.

"ఈ రోజుకు మీ పని" అన్న పేరా ప్రతి క్లయింటుకూ మారుతుంది, కాబట్టి పని బాకీ ఉన్న వాళ్లకు విడివిడిగా పంపాలి. బాకీ ఏమీ లేనివాళ్లకు ఒకేసారి పంపవచ్చు, కానీ అడ్రసులన్నీ Bcc లోనే వేయాలి. నేను మొదటిసారి తొందరలో Cc లో వేశాను. ఒకే బజారులో పోటీపడే ఇద్దరు ఎరువుల వ్యాపారులకు తమ లెక్కలు రెండూ ఒకే చోట ఉన్నాయని ఆ రోజే తెలిసింది. ఒకాయన మరుసటి నెల ఫైలు పట్టుకుపోయాడు.

పంపిన తర్వాత

మెయిల్ చదివారా లేదా అన్నది జవాబుతో తేలదు. మా వైపు చాలామంది చదివి ఊరుకుంటారు. 5వ తేదీకి బిల్లులు లక్ష్మికి వచ్చాయా, ఇంకా సురేష్ ఫోనుకే పోతున్నాయా చూడండి. రానివాళ్లకు ఆ సాయంత్రమే లక్ష్మి చేత ఫోన్ చేయించండి, 11 దాకా ఆగకూడదు.

క్లయింట్లతో ఉన్న వాట్సాప్ గ్రూపుల్లో ముందు లక్ష్మిని చేర్చి, ఆమె ఒక పలకరింపు పెట్టాక సురేష్‌ను తీయండి. అడ్మిన్ అతనొక్కడే అయితే వెళ్లేలోపు మిమ్మల్నీ అడ్మిన్ చేయించుకోండి. అతని ఆఫీసు మెయిల్ ఐడీ వెంటనే తీసేయకండి. పాస్‌వర్డ్ మార్చి, వచ్చేవి లక్ష్మికి చేరేలా ఫార్వార్డింగ్ పెట్టండి. మూడు నెలల తర్వాత కూడా ఎవరో ఒకరు పాత మెయిల్‌కే బిల్లు పంపుతారు.