ఇంటర్వ్యూ చేసేవాళ్లకు పాఠాలు – 3: మూడు మార్కులంటే ఎంత?

భీమవరం దగ్గర రొయ్యల చెరువులకు టెక్నీషియన్ కావాలి. పోయిన పాఠంలో చూడాల్సినవి నాలుగు ఎంచుకున్నాం: నీటి పరిశీలన, మేత లెక్క, రికార్డు రాయడం, కూలీలతో పని చేయించడం. అందరినీ అవే ప్రశ్నలు అదే వరసలో అడగాలనీ అనుకున్నాం. అయినా ఒకే జవాబుకి ఒకరు 5 వేస్తారు, ఇంకొకరు 2 వేస్తారు. స్కోర్ కార్డు మీద అంకెలున్నాయి గానీ, వాటి అర్థం ఎవరి మనసులో వాళ్లకుంది. ఈసారి నీటి పరిశీలన ఒక్కదానికే ఆ అర్థం రాద్దాం.

ప్రశ్న: "తెల్లవారుజామున నాలుగింటికి గట్టు మీదికి వెళ్లారు. రొయ్యలు పైకి తేలి అంచులకు చేరుతున్నాయి. వరసగా ఏం చేస్తారు, ఎందుకు?"

ఏ జవాబుకి ఎన్ని మార్కులో అభ్యర్థి రాకముందే రాయాలి. ఆఫీసులో కూర్చుని ఊహించకండి. చెరువుల మీద ఏళ్ల తరబడి ఉన్నాయన్ని పిలిచి, కొత్తవాళ్లు ఏమంటారో, పని తెలిసినవాళ్లు ఏమంటారో అడగండి. మాకు ఇలా తేలింది:

1 – ఓనర్‌కి ఫోన్ చేస్తానని ఊరుకుంటారు, లేదా కారణం చూడకుండా మందు పేరు చెబుతారు.

3 – ఆక్సిజన్ తగ్గిందని గుర్తుపట్టి, ఏరేటర్లన్నీ వేస్తామంటారు, పొద్దుటి మేత ఆపుతామంటారు.

5 – వీటితోపాటు మీటరుతో డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, కొలుస్తామంటారు. రాత్రి వెలుతురు లేక ప్లాంక్టన్ ఆక్సిజన్ ఇవ్వదు, పైగా వాడుకుంటుంది, అందుకే తెల్లవారేసరికి బాగా పడిపోతుందని చెబుతారు. రొయ్య తేరుకున్నాక చెక్ ట్రే చూసి మేత మొదలుపెడతామంటారు.

మధ్యలో పడితే 2 లేదా 4. "చురుగ్గా", "ధైర్యంగా" లాంటి మాటలు వీటిలో లేవు చూడండి. అవి రాస్తే గడగడా మాట్లాడేవాళ్లకే మార్కులు పడతాయి.

ఒక కుర్రాడు ఇలా చెప్పాడనుకుందాం: "ఏరేటర్లన్నీ వేసేస్తానండి, మేత ఆపేస్తానండి. ఆక్సిజన్ మూడుకి దిగిపోయుంటదండి." మేనేజరు 3, పాత టెక్నీషియన్ 3, ఓనర్ గారు 5 వేశారు. సగటు తీస్తే దాదాపు 3.7 వచ్చి గొడవ కనబడకుండా పోతుంది. అందుకే రెండు మార్కుల తేడా వస్తే సగటు తీయకుండా నోట్సు చదవాలి. మిగతా ఇద్దరూ కుర్రాడి మాటలే రాసుకున్నారు. ఓనర్ గారి కాగితంలో "బాగా చెప్పాడు, మన వైపు కుర్రాడే" అని ఉంది. కొలుస్తానని కుర్రాడు అనలేదు, మూడు అన్నది అంచనా. కారణమూ చెప్పలేదు. కార్డు ప్రకారం 3.

మార్కు జవాబు వినగానే వేయాలి, చివర్లో అన్నీ కలిపి కాదు. ఒక జవాబు నచ్చితే ఆ ఇష్టం మిగతావాటికీ అంటుకుంటుంది. కాగితాలు ఇచ్చేశాకే మాట్లాడుకోవాలి, అదీ ఓనర్ గారు ఆఖరున. ఆయన ముందు నోరు తెరిస్తే మిగతా అంకెలన్నీ అటే జరుగుతాయి, మన దగ్గర ఇది మరీ ఎక్కువ.

అభ్యర్థులందరికీ 3 పడుతోందా? మీ 3 మరీ వెడల్పుగా ఉందన్నమాట, దాన్ని విడగొట్టండి. ఇంకో సంగతి: ఈ కార్డు తెలిసినదాన్ని కొలుస్తుంది గానీ చేతి పనిని కాదు. మీటరు చేతికిచ్చి చూడటం వచ్చే పాఠం. ఈలోగా "రికార్డు రాయడం"కి 1, 3, 5 మీరే రాసి ఉంచండి.