డిసెంబరు సెలవులకు ముందు పంపే మెయిళ్లు: ఇంగ్లీషు దిద్దేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు

బెంగళూరు ఆఫీసుల్లో ఉంటూ బ్రిటన్ క్లయింట్లతో పనిచేసే తెలుగువారికి డిసెంబరు మూడో వారం చిక్కుల సమయం. అవతలివారు క్రిస్మస్ సెలవులకు వెళ్లిపోతే కొత్త సంవత్సరం వచ్చేదాకా జవాబు రాదు కనుక, ఆ వారంలో పంపిన మెయిల్‌ను వారు తప్పుగా అర్థం చేసుకుంటే ఆ తప్పు దాదాపు రెండు వారాల పాటు అలాగే నిలిచిపోతుంది.

మనలో చాలామంది తెలుగులో అనుకున్నదాన్ని మాటకు మాటగా ఇంగ్లీషులో పెట్టి, ఆ తరువాత భాష బాగా వచ్చిన సీనియరు చేత దిద్దించుకుంటారు. నా అనుభవంలో అసలు ప్రమాదం ఆ దిద్దుబాటులోనే ఉంది. గతుకుల ఇంగ్లీషును చూసిన క్లయింటు అనుమానం వచ్చి మళ్లీ అడుగుతాడు గాని, సాఫీగా సాగిపోయే వాక్యంలో అర్థం మారిపోయినా ఎవరూ అడగరు.

మా బృందంలో కొత్తగా చేరిన ఒక అబ్బాయి మనసులో అనుకున్న విషయం ఇది: ‘ఫైలు నిన్ననే పంపాం. మీవాళ్లకు అందలేదట. ఒకసారి చూడగలరు. అవసరమైతే మనం మంగళవారంలోపు సరిచేద్దాం.’ దీన్ని అతను ‘వుయ్ సెంట్ ద ఫైల్ యెస్టర్‌డే ఓన్లీ’ అని మొదలుపెట్టి రాశాడు. దిద్దినది నేనే. ‘వుయ్ ఓన్లీ సెంట్ ద ఫైల్ యెస్టర్‌డే’ అని ఒక్క మాటను ముందుకు జరిపాను, వ్యాకరణం కుదిరిందని సంతోషించాను. ఆలస్యాన్ని ఒప్పుకున్నందుకు ధన్యవాదాలంటూ క్లయింటు నుంచి జవాబు వచ్చిన తరువాత గాని నేను చేసినదేమిటో నాకు తెలియలేదు.

తెలుగులో ‘నిన్ననే’ అన్నప్పుడు ఆ చివరి ఏకారం ‘ఆలస్యం చేయలేదు, ఎప్పుడో పంపేశాం’ అని చెబుతుంది. ఇంగ్లీషులో ‘ఓన్లీ యెస్టర్‌డే’ అంటే నిన్నటిదాకా పంపలేదని అర్థం. అంటే నా దిద్దుబాటు భాషను బాగుచేసి విషయాన్ని తలకిందులు చేసింది. ‘ఆల్రెడీ’ అని రాస్తే అర్థం నిలుస్తుంది గాని, కొంచెం విసుగు వినిపిస్తుంది. అందుచేత ఏకారానికి మాట వెతకడం మాని, మీ సమయం ప్రకారం నిన్న మధ్యాహ్నం 12:30కి, అంటే మన సాయంత్రం 6 గంటలకు పంపామని తేదీతో సహా రాయడం మేలు.

‘అందలేదట’ అన్న మాటలోని ‘అట’ కూడా ఇలాంటిదే. మనం దాన్ని ‘ఇట్ సీమ్స్’ అంటాం, దిద్దేవారికి అందులో తప్పేమీ కనిపించదు. కాని ఇంగ్లీషు చదువరి దాన్ని మన సొంత అంచనాగా తీసుకుంటాడు, ఎవరో చెప్పగా విన్నామన్న సంగతి అతనికి చేరదు. ఎవరు చెప్పారో ఆ మనిషిని లేదా విభాగాన్ని వాక్యానికి కర్తగా పెట్టాలి: ‘మీ సపోర్ట్ డెస్క్ ఈ ఉదయం మాకు చెప్పింది’ అన్నట్టు. ‘చూడగలరు’ అనేది మనకు మర్యాదైన అభ్యర్థన, ‘యూ కెన్ చెక్’ అని మారిస్తే అనుమతి ఇచ్చినట్టు ఉంటుంది కనుక ‘కుడ్ యూ ప్లీజ్ చెక్’ అని అడగాలి.

అన్నిటికంటె ఖరీదైనది ‘వుయ్’. తెలుగులో ‘మేము’ వేరు, ‘మనం’ వేరు, ఇంగ్లీషులో రెండూ ఒకటే. ‘వుయ్ విల్ ఫిక్స్ ఇట్’ అని ఆ అబ్బాయి రాసినది ఇరుపక్షాలూ కలిసి అనే ఉద్దేశంతో, క్లయింటు చదువుకున్నది బెంగళూరు బృందం ఒక్కటే బాధ్యత తీసుకుందని. పని, గడువు ఉన్న వాక్యాల్లో ‘వుయ్’ కనిపించినప్పుడల్లా ‘యువర్ టీమ్ అండ్ అవర్స్’ అనో, ‘అవర్ టీమ్ ఇన్ బెంగళూరు’ అనో విడదీసి రాయాలి. గడువు మంగళవారం సాయంత్రం వరకా, సోమవారంతో ముగుస్తుందా అన్నది కూడా అక్కడే తేల్చాలి.

కనుక దిద్దడానికి ఇచ్చేటప్పుడు ఇంగ్లీషు చిత్తుప్రతితో పాటు తెలుగులో అనుకున్న వాక్యాలను కూడా ఇవ్వండి. దిద్దిన తరువాత తెలుగు చూడకుండా ఆ ఇంగ్లీషును మళ్లీ తెలుగులోకి చెప్పించండి. ‘నిన్ననే’ అన్నది ‘నిన్న గాని పంపలేదు’ అని తిరిగివస్తే తప్పు దొరికినట్టే.

అయితే ఈ పరీక్షకు పక్క సీటులోని కన్నడ మిత్రుడిని నమ్ముకోవద్దు. కన్నడలోనూ ‘నిన్నెయే’ అనే ఏకారం ఉంది, మన ‘అట’ లాంటి ‘అంతె’ ఉంది. అందువల్ల ‘యెస్టర్‌డే ఓన్లీ’, ‘ఇట్ సీమ్స్’ అతనికి మన ఉద్దేశం ప్రకారమే అర్థమై, ఏ తప్పూ లేదని మెయిల్ తిరిగి ఇచ్చేస్తాడు.