మొదటి 10 కిలోమీటర్ల పరుగు: ఆరో ఏడో వారంలో కాలి ఎముక నొప్పి పుడితే ఏం చూడాలి

కొత్తవాళ్లకు నేను ఇచ్చే పన్నెండు వారాల ప్లాన్‌లో వారానికి మూడే పరుగులు ఉంటాయి. మంగళవారం, గురువారం చిన్నవి. ఆదివారం పెద్దది. సోమ, శుక్రవారాలు పూర్తి విశ్రాంతి. బుధ, శనివారాల్లో కావాలంటే నడవొచ్చు. వారం మొత్తం దూరం కిలోమీటర్లలో వరుసగా ఇలా పెరుగుతుంది: 7, 8, 10, 8, 11, 12, 14, 10, 15, 17, 14, 15. ఆదివారం పరుగు 3తో మొదలై ఐదో వారానికి 5, ఏడో వారానికి 6, పదో వారానికి 8 అవుతుంది. చివరి ఆదివారం 10. నాలుగో వారం, ఎనిమిదో వారం దూరం కావాలనే తగ్గించాను.

విజయవాడ, గుంటూరుల్లో దీన్ని డిసెంబరు మొదట్లో మొదలుపెడితే మంచిది. ఎండలు ముదరకముందే పూర్తవుతుంది.

ఈ ప్లాన్‌లో ఎక్కువమంది ఆగిపోయేది ఒకే చోట. ఆరో వారానికీ ఎనిమిదో వారానికీ మధ్య మోకాలి కింద, ఎముక లోపలి అంచు వెంబడి నొప్పి మొదలవుతుంది. దీన్నే షిన్ స్ప్లింట్స్ అంటారు. మొదట్లో పరుగు మొదలుపెట్టినప్పుడు నొప్పి పుట్టి, ఒళ్లు వేడెక్కాక తగ్గుతుంది. తర్వాత పరుగంతా ఉంటుంది. ఆ తర్వాత పొద్దున్నే మెట్లు దిగుతుంటేనే తెలుస్తుంది. అప్పుడు అందరూ బూట్ల కొట్టుకు పరిగెడతారు. బూట్ల దాకా వెళ్లే ముందు చూడాల్సినవి రెండున్నాయి.

ముందు ఇది చూడండి: మాట్లాడగలుగుతున్నారా?

పరిగెత్తుతూ పక్కవాళ్లతో పూర్తి వాక్యం చెప్పగలగాలి. ఒంటరిగా ఉంటే మీ ఇంటి చిరునామా మొత్తం, డోర్ నంబరు నుంచి పిన్ కోడ్ దాకా, పైకి చెప్పండి. మధ్యలో రెండుసార్లు ఊపిరి కోసం ఆగాల్సివస్తే వేగం ఎక్కువైనట్టే. తగ్గించండి. తగ్గించినా కుదరకపోతే రెండు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక చొప్పున వెళ్లండి. మొదటి నాలుగు వారాలు ఇలా నడిపించినా ప్లాన్‌కు నష్టమేమీ లేదు.

ఇంత సులువైన పరీక్షను దాదాపు అందరూ వదిలేస్తారు. ఫోన్‌లో వేగం చూసుకుంటారు, నిన్నటి కంటే పది సెకన్లు తగ్గిందా లేదా అని లెక్కేస్తారు. మన ఊళ్లలో ఆ లెక్క ఇంకా మోసం చేస్తుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్నట్టే అనిపిస్తుంది కానీ గాలిలో తేమ అప్పుడే బాగా ఎక్కువ. చెమట పడుతుంది, ఆరదు. చెమట ఆరకపోతే ఒంట్లో వేడి దిగదు, అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాల్సివస్తుంది. అందుకే కృష్ణ ఒడ్డున పొగమంచు పట్టిన రోజు నిన్నటి వేగం అందకపోతే కంగారు పడకండి. మాట్లాడగలుగుతున్నారంటే ఆ రోజుకు అదే సరైన వేగం.

అసలు దొంగ కారణం: బాకీ పరుగులు

మాట్లాడగలుగుతున్నారు, బూట్లు కొత్తవే, ప్లాన్ మించి పరిగెత్తలేదు. అయినా నొప్పి. ఇలాంటి కేసులు నా దగ్గరికి మళ్లీ మళ్లీ వస్తుంటాయి. వాటిలో చాలావాటికి కారణం ఒకటే: మానేసిన పరుగులను బాకీ తీర్చినట్టు తర్వాత కలిపి పరిగెత్తడం.

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బాబాయి కొడుకు సంగతి చెబుతాను. డిసెంబరు రెండో వారంలో మొదలుపెట్టాడు. మొదటి ఐదు వారాలు ఒక్క రోజూ తప్పలేదు. ఐదో వారంలో 3, 3, 5 మొత్తం 11 కిలోమీటర్లు, ఏ ఇబ్బందీ లేదు. ఆరో వారం సరిగ్గా సంక్రాంతి. భోగి, పండగ, కనుమ అన్నీ ఊళ్లో. మంగళవారం 3, గురువారం 4 రెండూ పోయాయి. ఆదివారం తిరిగొచ్చి ఆ రోజుకు రాసి ఉన్న 5 పరిగెత్తాడు. ఏడో వారం మంగళవారం ఆఫీసులో పని పడి అదీ పోయింది. గురువారం 4 చేశాడు. ఇక్కడే కథ తిరిగింది. శుక్రవారం మంగళవారం తాలూకు 4, శనివారం పండగ వారం తాలూకు 4, ఆదివారం ప్లాన్‌లో ఉన్న 6. సోమవారం పొద్దున మెట్లు దిగలేకపోయాడు.

ఫోన్ చేసి అన్నాడు: "అన్నయ్యా, రెండు వారాలకి కలిపి నువ్విచ్చింది 26. నేను పరిగెత్తింది 23. తక్కువే పరిగెత్తితే నొప్పెలా వస్తుంది?"

మొత్తం చూస్తే వాడి మాట నిజమే. అందుకే ఈ కారణం దొరకదు. రోజుల వారీగా రాసి చూస్తే కనబడుతుంది. ఒక వారం 5, పై వారం 18. ఆ 18 కూడా గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రోజులు వరసగా, మధ్యలో ఒక్క ఖాళీ రోజు లేకుండా. ప్లాన్‌లో శుక్రవారం, శనివారం ఖాళీగా కనిపిస్తాయి కాబట్టి వాటిని బాకీ తీర్చుకోవడానికి దాచిన రోజుల్లా వాడుకున్నాడు.

ఖాళీ రోజున ఎముక పని చేసుకుంటోంది. పరుగు దెబ్బలు పడ్డ చోట ఎముక ముందు పాత భాగాన్ని కొంత తొలగించుకుంటుంది, ఆ తర్వాతే కొత్తది కట్టుకుంటుంది. ఈ రెండింటికీ మధ్య కొన్ని వారాల పాటు ఆ చోటు మామూలు కంటే బలహీనంగా ఉంటుంది. ఊపిరి, గుండె, కండరాలు ఇంతకంటే త్వరగా అలవాటు పడతాయి. అందుకే ఆరో వారానికి మీకు "ఇంకా పరిగెత్తగలను" అనిపిస్తుంది. ఆ మాట గుండె చెబుతున్నది, ఎముక కాదు. మా తమ్ముడికి ఆ నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా ఆయాసం రాలేదు.

మీ కారణం ఇదేనా అని తేల్చుకోవాలంటే టిక్కులు పెట్టిన ప్లాన్ కాగితం పక్కన పెట్టండి. గత మూడు వారాల్లో ఏ తేదీన నిజంగా ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తారో క్యాలెండర్ మీద రాయండి. వరసగా మూడు రోజుల పరుగు ఎక్కడైనా ఉందా? ఏ వారమైనా ముందు వారానికి ఒకటిన్నర రెట్లు దాటిందా? ఆదివారం ఒక్క పరుగే ఆ వారం మొత్తంలో సగం కంటే ఎక్కువైందా? రెండోదీ మూడోదీ మాత్రం దూరం తగ్గించిన వారాల పక్కన, చివరి 10 ఉన్న వారంలో ఎలాగూ కొంత తేడాగా కనిపిస్తాయి, వాటిని లెక్కలోకి తీసుకోకండి. మిగతా చోట్ల ఏ ఒక్కటి అవునన్నా కారణం దొరికినట్టే.

ఇప్పుడేం చేయాలి

ముందు ఎముక మీద వేలితో నొక్కి చూడండి. నొప్పి అరచెయ్యంత పొడవున పరుచుకుని ఉంటే ఇంట్లో చూసుకోవచ్చు. ఒక్క వేలి కొన పట్టేంత చోటే గుచ్చినట్టు ఉంటే, లేదా రాత్రి పడుకున్నప్పుడు కూడా నొస్తుంటే, అది ఎముకలో సన్నటి చీలిక కావచ్చు. ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. మొదటి వారాల్లో ఇలాంటి చీలిక ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందన్నారని మళ్లీ పరుగు మొదలుపెట్టకండి. నొప్పి అలాగే ఉందని డాక్టరుకు చెప్పండి, అవసరమైతే ఎంఆర్ఐ రాస్తారు.

పరుచుకుని ఉన్న నొప్పి అయితే పరుగు ఆపండి. నొప్పి లేకుండా నడవగలిగితే నడవండి, సైకిల్ తొక్కండి. నొప్పి మాత్ర వేసుకుని మాత్రం పరిగెత్తకండి, ఆపమని చెప్పే గుర్తు ఆ నొప్పొక్కటే. నడకలో నొప్పి పోయి, ఎముకను నొక్కినా నొప్పి లేక, ఆ ఒంటి కాలి మీద పదిసార్లు ఎగిరినా నొప్పి రానప్పుడు తిరిగి మొదలుపెట్టొచ్చు. మా వాడికి అందుకు పది రోజులు దాటింది.

మొదలుపెట్టేది ఆగిన చోట కాదు. వాడిని నాలుగో వారానికి తీసుకెళ్లాను, అంటే 2, 3, 3 మొత్తం 8. క్యాలెండర్ ప్రకారం అది పదో వారం. పదకొండో వారంలో ప్లాన్ ఐదో వారం చేశాడు. పన్నెండో వారం ఆదివారం వాడు పేరు ఇచ్చిన పరుగు రానే వచ్చింది. అక్కడ 10 వదిలేసి 5 కిలోమీటర్ల విభాగంలో పరిగెత్తించాను. పది కిలోమీటర్లు ఏప్రిల్ రెండో వారంలో, తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టి, 400 మీటర్ల ట్రాక్ మీద 25 రౌండ్లు తిరిగి పూర్తి చేశాడు. ట్రాక్ మీద తిరిగేటప్పుడు సగం రౌండ్ల తర్వాత దిశ మార్చుకోండి, ఒకే వైపు మలుపు ఒకే కాలి మీద భారం వేస్తుంది. వేరేవాళ్లు ఉంటే బయటి లేన్‌లో తిరగండి.

ఇక మానేసిన పరుగుల సంగతి. ఒక్క పరుగు పోతే వదిలేయండి, తర్వాతి రోజుకు రాసింది చేయండి. వారం మొత్తం పోతే, లేదా మూడింటిలో రెండు పోతే, పై వారానికి వెళ్లకుండా అంతకు ముందు పూర్తి చేసిన వారాన్నే మళ్లీ చేయండి. సంక్రాంతి తర్వాత మా వాడు చేయాల్సింది ఐదో వారం, 11 కిలోమీటర్లు. రెండు వారాలు పోతే రెండు వారాలు వెనక్కి. పన్నెండు వారాలు పదమూడో పద్నాలుగో అవుతాయి. తేదీ కదలదంటే, ఆదివారం 8 ఇబ్బంది లేకుండా చేసినవాళ్లు మధ్యలో నడుస్తూ 10 పూర్తి చేయగలరు. 6 దగ్గరే ఆగినవాళ్లు చిన్న విభాగానికి మారాలి.

మిగతావి క్లుప్తంగా

డొక్కలో పోటు వస్తే తిన్నది దిగకపోవడం ఒక కారణం కావచ్చు. పరుగుకు ముందు అరటిపండు చాలు, టిఫిన్ తర్వాత తినండి. ఒక్క కాలికే నొప్పి వస్తుంటే రోజూ రోడ్డుకు ఒకే అంచున పరిగెత్తుతున్నారేమో చూడండి. తారు రోడ్డు అంచు పక్కకు వాలి ఉంటుంది, బీఆర్‌టీఎస్ రోడ్డయినా కాలువ గట్టయినా చదునైన చోటు వెతుక్కోండి. బూట్లలో మడమ ఒక పక్కకు అరిగి ఒరిగితే మార్చండి. వేగం తగ్గించినా, విశ్రాంతి ఇచ్చినా వారాల తరబడి నీరసం పోకపోతే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి, ఇది అరుదు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు మొదటి వారానికి ముందే డాక్టరుతో మాట్లాడాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆ రోజు పరుగు అక్కడికక్కడే ఆపి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.